పెళ్లి కాకముందే మొదటి వీలునామా: అయిదు లక్షల పొదుపుకు ఎందుకు, ఎలా

వీలునామా అనగానే మనకు ముసలితనం, పొలాలు, కొట్లాడుకునే కొడుకులు గుర్తొస్తారు. ఇరవై ఏడేళ్ల వయసులో, బ్యాంకులో రెండు మూడు లక్షలు, చేతికి నాలుగు గాజులు ఉన్న మనిషికి దానితో పనేమిటని అడిగేవారే ఎక్కువ. నా జవాబు ఎప్పుడూ ఒకటే. మీరు రాయకపోతే మీ తరఫున చట్టం ముందే ఒక వీలునామా రాసి పెట్టి ఉంచింది. అందులో ఎవరి పేరుందో ఒకసారి చూసుకోండి. ఆ పేరుతో మీకు అభ్యంతరం లేకపోతే ఈ వ్యాసం ఇక్కడే ఆపేయవచ్చు.

అది ఏమంటుందో చెబుతాను. పెళ్లికాని హిందూ అబ్బాయి వీలునామా లేకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని సొంత సంపాదన మొత్తం తల్లికి వెళుతుంది. తండ్రికి పైసా రాదు, ఎందుకంటే తల్లి మొదటి తరగతి వారసురాలు, తండ్రి రెండో తరగతిలో ఉంటాడు. తల్లి బతికి లేకపోతేనే తండ్రి వంతు. తల్లిదండ్రులు ఇద్దరిలో ఎవరున్నా తమ్ముడికీ చెల్లెలికీ ఏమీ రాదు. అదే పెళ్లికాని హిందూ అమ్మాయి అయితే తల్లీ తండ్రీ చెరిసగం పంచుకుంటారు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. అక్కడ పెళ్లికాని కొడుకు గానీ కూతురు గానీ పోతే, తండ్రి బతికి ఉన్నంతవరకు అంతా తండ్రిదే, తల్లికి ఏమీ ఉండదు. ఒకే వీధిలో మూడిళ్లు, మూడు రకాల పంపకాలు.

ముస్లింల సంగతి వేరు. వారి ధర్మశాస్త్రం ప్రకారం అంత్యక్రియల ఖర్చులూ అప్పులూ పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకు మించి వీలునామా రాయాలంటే వారసుల ఒప్పుదల కావాలి. అందుకని ఈ కింద చెప్పే నమూనాను వారు ఉన్నదున్నట్టు వాడుకోకూడదు. ఇక్కడినుంచి హిందూ కుటుంబంలోని అమ్మాయిని తీసుకుని నడుస్తాను.

ఒక అమ్మాయి లెక్క

విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న అమ్మాయి అనుకుందాం. ఇరవై ఏడేళ్లు, పెళ్లి కాలేదు. ఆమెకు పదేళ్లప్పుడు తండ్రి ఇల్లు వదిలి వెళ్లి వేరే ఊళ్లో వేరే సంసారం పెట్టుకున్నాడు. విడాకులు లేవు, రాకపోకలు లేవు. తల్లి మిషను కుట్టి ఇద్దరు పిల్లల్నీ చదివించింది. తమ్ముడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాడు, పద్దెనిమిది దాటాయి.

ఆమె దగ్గరున్నవి ఇవి: పొదుపు ఖాతాలో 60 వేలు, ఎఫ్‌డీ 2 లక్షలు, మ్యూచువల్ ఫండ్‌లో 1 లక్షా 40 వేలు, తోటి ఉద్యోగికి ప్రోనోటు మీద ఇచ్చిన 1 లక్ష. మొత్తం 5 లక్షలు. ఇవి కాక ఆరు కాసుల బంగారం, ఒక స్కూటర్. పీఎఫ్‌లో మరో లక్షన్నర.

వీలునామా లేకుండా ఆమెకు ఏదైనా అయితే ఆ 5 లక్షల్లో రెండున్నర లక్షలు, మూడు కాసుల బంగారం పదిహేడేళ్లుగా ముఖం చూపని తండ్రికి వెళతాయి. తమ్ముడికి సున్నా. వదిలేసి వెళ్లిన తండ్రికి వాటా లేదని చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పోవడం ఒక్కటే కాదు. ఆ ఎఫ్‌డీకి నామినీ లేకపోతే బ్యాంకు వారసులందరి సంతకాలూ అడుగుతుంది. అంటే తల్లి ఆ మనిషిని వెతికి పట్టుకుని, కాగితం మీద సంతకం పెట్టమని బతిమాలుకోవాలి. అతను పెట్టనంటే సివిల్ కోర్టుకు వెళ్లి వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకోవాలి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వేరు, కోర్టు ఇచ్చేది వేరు. మొదటిది వారసులు ఎవరో చెబుతుందే గానీ డబ్బు వసూలు చేసుకునే అధికారం ఇవ్వదు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. మనిషి బతికుండగా లేని డబ్బు మనిషి పోయాక పుడుతుంది. పీఎఫ్ ఖాతా ఉన్నవారికి దానితోపాటే ఒక బీమా ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే, గరిష్ఠంగా 15 వేలుగా లెక్కించే నెల జీతానికి 35 రెట్లు, దానిపైన పీఎఫ్ నిల్వ సగటులో సగం (1 లక్షా 75 వేలకు మించకుండా) కలిపి ఇస్తారు. గరిష్ఠం 7 లక్షలు. మన అమ్మాయి జీతం 15 వేలు దాటింది, నిల్వ లక్షన్నర చుట్టూ ఉంది కాబట్టి ఇది 6 లక్షలకు దగ్గరగా వస్తుంది. తన దగ్గర అయిదు లక్షలే ఉన్నాయనుకున్న మనిషి వెనక పన్నెండు లక్షల పైన మిగులుతుంది.

మొదటి మెట్టు: నామినీల పేర్లు సరిచూడటం

వీలునామా రాయడానికి కూర్చునే ముందు ఒక పూట ఈ పనికి కేటాయించండి. ప్రతి ఖాతా తెరిచి నామినీ ఎవరో చూడండి. మన అమ్మాయి పొదుపు ఖాతా ఇంటర్లో చేరినప్పుడు తెరిచింది. దరఖాస్తు ఎవరో నింపారు, నామినీ గడిలో అలవాటుగా తండ్రి పేరు పడింది. ఎఫ్‌డీకి అసలు నామినీ లేడు. ఇది చాలా మామూలుగా కనిపించే తప్పు. చిన్నప్పటి ఖాతానే జీతం ఖాతాగా వాడుతున్న ప్రతివారూ చూసుకోవలసినది.

నామినీ అంటే యజమాని కాదు. బ్యాంకు డబ్బు ఎవరి చేతికిస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుందో ఆ మనిషి. ఆ డబ్బు అసలు ఎవరిదన్నది వీలునామా గానీ వారసత్వ చట్టం గానీ తేలుస్తుంది. షేర్ల విషయంలో కూడా నామినీ వారసులను తోసిరాజని సొంతదారు కాలేడని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భర్త లేదా భార్య, పిల్లల్లో ఎవరిని నామినీగా పెడితే ఆ డబ్బు వారికే దక్కుతుంది.

మరి నామినీ యజమాని కానప్పుడు మార్చడం ఎందుకు? చేతిలో పడిన డబ్బును వెనక్కి రాబట్టడానికి దావా వేయాలి కాబట్టి. వీలునామాలో తల్లి పేరు, బ్యాంకులో తండ్రి పేరు ఉంటే, తండ్రి ఆ 60 వేలు తీసుకెళ్లాక తల్లి కోర్టు చుట్టూ తిరగాలి. రెండు చోట్లా ఒకే పేరు ఉంటే తగాదాకు చోటే లేదు. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకు నలుగురు నామినీల వరకు, ఎవరికెంత శాతమో చెప్పి పెట్టుకోవచ్చు. మన అమ్మాయికి అంత అవసరం లేదు. అన్నిచోట్లా తల్లి పేరు ఒక్కటే పెట్టింది.

పీఎఫ్ నామినేషన్‌ను ఆన్‌లైన్‌లో వేయడం ఇంకా ముఖ్యం. పీఎఫ్ డబ్బూ, పైన చెప్పిన బీమా డబ్బూ ఆ నామినేషన్ వెంటే నడుస్తాయి. అందుకని వాటిని వీలునామాతో మళ్లించాలని చూడకండి, నామినేషన్‌లోనే సరిచేయండి.

ప్రోనోటుకు నామినీ ఉండడు. బంగారానికీ స్కూటర్‌కూ అంతే. చేబదులు ఇచ్చిన డబ్బు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ఇచ్చినవారి జ్ఞాపకంలో మాత్రమే ఉంటుంది. వీటికి వీలునామా తప్ప మరో దారి లేదు. ప్రోనోటు ఉంటే తేదీ చూసుకోండి. రాసిన నాటినుంచి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. ఈలోగా కొంత సొమ్ము రాబట్టి నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటే గడువు మళ్లీ మొదలవుతుంది.

రెండో మెట్టు: ఎవరికి ఏమిటో తేల్చుకోవడం

ఇక్కడ తొందరపడితే వచ్చే పొరపాట్లు రెండు. మొదటిది, ఫలానా నంబరు ఎఫ్‌డీ తమ్ముడికి అని రాయడం. ఆ ఎఫ్‌డీ గడువు తీరి, ఆ డబ్బు పొదుపు ఖాతాలోకి వచ్చి, దాంతో స్కూటర్ కొన్నారనుకోండి. చట్టం దృష్టిలో తమ్ముడికి ఇచ్చిన వస్తువే లేకుండా పోయింది, కాబట్టి అతనికి ఏమీ రాదు. చిన్న వయసులో డబ్బు ఒకచోట నిలవదు. అందుకని ఖాతా నంబరుకు బదులు మొత్తం చెప్పండి: నా సొమ్ములోంచి 1 లక్షా 50 వేలు తమ్ముడి చదువుకు, మిగతాదంతా అమ్మకు. ఈ మిగతాదంతా అన్న మాటే వీలునామాకు వెన్నెముక. రేపు కొనబోయే స్థలం, ఎల్లుండి వేయబోయే చిట్టీ, మీరు మరిచిపోయిన పాత ఖాతా అన్నీ అందులోకి వచ్చేస్తాయి. అది లేని వీలునామాలో పేరు రాయని ప్రతి ఆస్తికీ మళ్లీ చెరిసగం సూత్రమే.

రెండోది, తీసుకోవలసినవారు ముందే పోతే ఏమిటో రాయకపోవడం. తల్లి ముందు పోయి, వీలునామా పాతదే ఉంటే ఆమెకు రాసిన భాగం గాలిలో ఉండిపోతుంది, మళ్లీ వారసత్వ చట్టమే దిక్కు. అప్పుడు బతికున్నది తండ్రి ఒక్కడే కాబట్టి అంతా అతనికే. ఒక్క వాక్యం దీన్ని ఆపుతుంది: నాకంటే ముందు మా అమ్మ పోయినట్లయితే ఆమె భాగం తమ్ముడికి.

అప్పులు కూడా ఒకసారి తలుచుకోండి. మీరు పోయాక మీ అప్పు మీ ఆస్తిలోంచే తీరాలి. వారసులు తమకు వచ్చినదానికి మించి చేతినుంచి కట్టనక్కర్లేదు. చదువు రుణంలో తల్లి సహ రుణగ్రహీతగా సంతకం చేసి ఉంటే మాత్రం ఆ లెక్క వేరు, అది ఆమె అప్పు కూడా.

చివరగా, వీలునామాను అమలు జరిపే మనిషి ఒకరు కావాలి. మన అమ్మాయి మేనమామను ఎంచుకుంది. బ్యాంకులో నిలబడి మాట్లాడగలవాడు, తల్లి వినే మనిషి. ఆయనను ముందే అడిగింది కూడా. అడగకుండా పేరు రాయడం మర్యాద కాదు, పైగా ఆయన కాదనవచ్చు.

మూడో మెట్టు: రాయడం

స్టాంపు కాగితం అక్కర్లేదు. తెల్ల కాగితం చాలు. భాష ఏదైనా సరే. చట్టబద్ధమైన పదజాలం ఏదో వాడాలన్న నియమం లేదు, మీ ఉద్దేశం అర్థమైతే చాలు. దస్తావేజు లేఖరులు రాసే పాత శైలికి ఒక గంభీరత ఉందని ఒప్పుకుంటాను గానీ, మూడు పంక్తుల వాక్యంలో కర్త ఎవరో క్రియ ఎవరిదో వెతుక్కునే కంటే చిన్న వాక్యాలు మేలు. ఆమె రాసుకున్నది దాదాపు ఇలా ఉంటుంది:

> ఫలానా తేదీన విజయవాడలో, ఫలానా వారి కుమార్తెను, ఇరవై ఏడేళ్ల వయసున్న, ఫలానా చిరునామాలో ఉంటున్న నేను, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా నా ఇష్టపూర్వకంగా రాసిన వీలునామా.
>
> 1. ఇంతకు ముందు నేను ఏదైనా వీలునామా రాసి ఉంటే దాన్ని రద్దు చేస్తున్నాను.
>
> 2. నా ఆస్తి అంతా నా స్వార్జితం. నా తదనంతరం నా అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ పోను మిగిలిన సొమ్ములోంచి 1,50,000 రూపాయలు (ఒక లక్షా యాభై వేలు) నా తమ్ముడు ఫలానా వారికి చెందాలి.
>
> 3. మిగతా నా చరాస్తి, స్థిరాస్తి, నాకు రావలసిన బాకీలు, ఇప్పుడు ఉన్నవీ ఇకముందు నేను సంపాదించేవీ అన్నీ నా తల్లి ఫలానా వారికి సర్వహక్కులతో చెందాలి.
>
> 4. నాకంటే ముందు నా తల్లి మరణిస్తే ఆమె భాగం నా తమ్ముడికి, నా తమ్ముడు మరణిస్తే అతని భాగం నా తల్లికి చెందాలి.
>
> 5. నా తండ్రి ఫలానా వారు బతికి ఉన్నారు. ఆయన చాలాకాలంగా మాతో ఉండటం లేదు. ఆయనకు భాగం ఇవ్వడం లేదన్న సంగతి తెలిసే ఈ వీలునామా రాశాను.
>
> 6. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా మేనమామ ఫలానా వారికి అప్పగిస్తున్నాను.

అయిదో అంశం గురించి ఒక మాట. తండ్రిని తిట్టకండి, కారణాల చిట్టా రాయకండి. కానీ ఆయన పేరు అసలు ఎత్తకపోతే, రేపు కోర్టులో ఆమెకు తండ్రి సంగతే గుర్తులేదు, ఎవరో రాయించారు అని వాదించడానికి వీలుంటుంది. తెలిసి వదిలేశానన్న ఒక్క వాక్యం ఆ వాదనకు గండి కొడుతుంది.

పాస్‌వర్డులు, పిన్ నంబర్లు ఇందులో రాయకూడదు. వీలునామా రేపు పది మంది చేతుల్లోకి వెళ్లే కాగితం. ఖాతాలు, మ్యూచువల్ ఫండ్ ఫోలియోలు, పీఎఫ్ నంబరైన యూఏఎన్, ప్రోనోటు ఎక్కడుందో ఇవన్నీ వేరే కాగితం మీద రాసి, మారినప్పుడల్లా దాన్నే దిద్దుకోండి.

నాలుగో మెట్టు: సంతకాలు

ఎక్కువ వీలునామాలు చెడేది ఇక్కడే. చట్టం కోరేది తక్కువే గానీ దాన్ని తప్పకుండా కోరుతుంది. మీరు సంతకం చేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు మీ సంతకాన్ని కళ్లారా చూడాలి, లేదా అది నా సంతకమే అని మీరు చెప్పగా వినాలి. ఆ ఇద్దరూ మీ కళ్ల ముందు సంతకం చేయాలి. సాక్షులిద్దరూ ఒకేసారి ఉండాలన్న నియమం లేదు గానీ, ఒకేసారి కూర్చోబెట్టడమే నా సలహా.

మన అమ్మాయి ఒక ఆదివారం పొద్దున్న ఇద్దరు తోటి నర్సులను ఇంటికి పిలిచింది. తల్లిని ఆ గంటసేపు గుడికి పంపింది. అది సిగ్గుపడవలసిన పని కాదు. ఆస్తి పొందే మనిషి దగ్గరుండి రాయించిన వీలునామాను కోర్టులు అనుమానంగా చూస్తాయి. కాగితం రెండు పేజీలు. ప్రతి పేజీ కిందా సంతకం చేసి, చివరి పేజీలో తేదీ ముందు పెద్ద సంతకం చేసింది. దాని కింద, ఆమె మా ఎదుట సంతకం చేశారు, మేము ఆమె ఎదుట సాక్షులుగా సంతకం చేశాము అన్న వాక్యం, తర్వాత ఇద్దరి పేర్లు, వయసు, చిరునామా. లోపల ఏముందో సాక్షులకు చదివి వినిపించనక్కర్లేదు. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది, తర్వాత టీ తాగారు.

సాక్షులు మీకంటే చిన్నవారో మీ ఈడువారో అయితే మంచిది. రేపు వీలునామాను కోర్టులో రుజువు చేయవలసి వస్తే, సాక్షుల్లో బతికున్న ఒక్కరైనా వచ్చి చెప్పాలి. డెబ్బై ఏళ్ల పక్కింటి పెద్దాయన ఎంత మంచివాడైనా ఇరవై ఏడేళ్ల మనిషి వీలునామాకు సాక్షిగా పనికిరాడు. ఆస్తి పొందేవారిని సాక్షిగా పెట్టకండి.

దిద్దుబాట్లు ఉంటే ఆ పేజీ చించేసి కొత్తగా రాయండి. సంతకాలయ్యాక కొట్టివేసి పైన రాసిన మాట, మళ్లీ మీ సంతకమూ సాక్షుల సంతకాలూ లేకుండా చెల్లదు. ఆధార్‌తో చేసే ఎలక్ట్రానిక్ సంతకం వీలునామాకు పనికిరాదు, సమాచార సాంకేతిక చట్టమే వీలునామాలను మినహాయించింది. ఫోనులో వీడియో తీసుకోవడం అదనపు ఆధారం కావచ్చు గానీ కాగితానికి బదులు కాదు. నోటరీ ముద్ర వేయించినా ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పవు.

అయిదో మెట్టు: రిజిస్ట్రేషన్, దాచడం

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రిజిస్టరు చేయని వీలునామా కూడా అంతే చెల్లుతుంది. స్టాంపు సుంకం లేదు. ఎప్పుడు తీసుకెళ్లినా సబ్ రిజిస్ట్రార్ తీసుకుంటారు, గడువు లేదు. మన అమ్మాయి లాంటి పరిస్థితిలో, అంటే వాటా తీసేసిన మనిషి రేపు ఎదురు తిరిగే అవకాశం ఉన్నప్పుడు, రిజిస్టరు చేయించడం మంచిదని నేనంటాను. ఫోర్జరీ అనడం కష్టమవుతుంది, కాగితం పోయినా నకలు దొరుకుతుంది. ఇంట్లో ఏ తగాదా లేనివారికి ఈ తిప్పట అవసరం లేదు.

అసలు కాగితం ఒక్కటే ఉండాలి. అది ఎక్కడుందో ఇద్దరికి తెలియాలి. మీ దగ్గరే ఉంచుకుని, మీరు పోయాక అది కనిపించకపోతే, మీరే చించేసుకున్నారని కోర్టు భావించే వీలుంది. మీ ఒక్కరి పేరున్న లాకర్లో పెట్టడం మరీ తెలివితక్కువ పని, ఆ లాకరు తెరవడానికే వీలునామా అడుగుతారు. మేనమామ బీరువా మంచి చోటు.

పెళ్లయిన మర్నాటి పని

క్రైస్తవులకు పెళ్లితో పాత వీలునామా తనంతట తాను రద్దయిపోతుంది. హిందువులకు కాదు. పెళ్లి కాకముందు తల్లికి అంతా రాసిన కాగితం, పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా అక్షరం మారకుండా చెల్లుతుంది. భర్తకూ పిల్లలకూ దాని ప్రకారం ఏమీ రాదు. అందుకే మొదటి వీలునామా రాసినవారికి రెండోది రాసే బాధ్యత కూడా ఉంటుంది.

పాతదాన్ని చించేసి ఊరుకుంటే సరిపోతుందా? అమ్మాయిలకు సరిపోదు. పిల్లలు లేని వితంతువు వీలునామా లేకుండా పోతే, ఆమె సొంత సంపాదన ముందు భర్త వారసులకు వెళుతుంది, ఆమెను కన్న తల్లిదండ్రులు ఆ తర్వాతే. సుప్రీంకోర్టు 2009లో తీర్పిచ్చిన ఒక కేసులో 1950లలో పెళ్లయిన ఒక స్త్రీ భర్త మూడు నెలల్లోనే పోయాడు. అత్తింటివారు ఆమెను వెళ్లగొట్టారు. పుట్టింట్లో ఉండి చదువుకుని ఉద్యోగం చేసి, బ్యాంకులోనూ పీఎఫ్‌లోనూ డబ్బు కూడబెట్టి, వీలునామా రాయకుండా 1996లో కన్నుమూసింది. ఆమె తల్లి వారసత్వ ధ్రువపత్రం కోరింది. భర్త సోదరి కొడుకులు కూడా కోరారు. సానుభూతి వేరు, చట్టం వేరు అంటూ కోర్టు ఆ డబ్బును భర్త తరఫువారికే ఇచ్చింది.

పెళ్లయ్యాక పీఎఫ్‌లోనూ కొత్త నామినేషన్ వేయాల్సిందే. ఆ రోజే కొత్త వీలునామా రాసి, మొదటి అంశంలో పాతదాన్ని తేదీతో సహా రద్దు చేయండి. పాతది రిజిస్టరైనా సరే, సాక్షుల సంతకాలు సరిగ్గా ఉన్న కొత్త తెల్ల కాగితం దాన్ని పక్కకు నెట్టేస్తుంది.